“గెస్ కొట్టొద్దని చెప్పండి మాస్టారూ”: ఒక బ్యాంకు అభ్యర్థి నెగెటివ్ మార్కుల కేస్ స్టడీ

ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌కి చదువుతున్న ఒక అమ్మాయి కేసు ఇది. డిగ్రీ అయిపోయింది, లెక్కలు పర్వాలేదు, స్పీడు తక్కువ. నేను చెప్పేది న్యూమరికల్ ఎబిలిటీ. వాళ్ల నాన్నగారికి పల్నాడు వైపు చిన్న కిరాణా కొట్టు ఉంది. అమ్మాయి రాసిన మాక్ టెస్టు స్కోరు కార్డు ప్రింటు తీయించి పట్టుకొచ్చారు. అందులో నెగెటివ్ అంకె చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. “చూడండి మాస్టారూ, కష్టపడి తెచ్చుకున్న మార్కుల్లో దాదాపు నాలుగు ఇలా పోగొట్టుకుంటోంది. తెలిసినవే పెట్టు, తెలియనివి ముట్టుకోకు అంటే వినడం లేదు. మీరన్నా చెప్పండి, గెస్ కొట్టొద్దని.”

ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. కానీ ఆయన అడిగినట్టు ఆ మాట అమ్మాయికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనకి కూర్చోబెట్టి లెక్కతో చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే భయంతో పిల్లల్ని ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

ముందు అసలు జరిగింది ఏమిటో. ఈ సెక్షన్‌లో 35 ప్రశ్నలు, 20 నిమిషాలు, ఒక్కోదానికి ఒక మార్కు, ఐదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత, వదిలేస్తే ఏమీ లేదు. అమ్మాయి మొదటి మాక్‌లో 35కి 35 పెట్టేసింది. ఇరవై రైటు, పదిహేను తప్పు. ఇరవైలోంచి 3.75 తీసేస్తే 16.25. నాన్నగారు సున్నా చుట్టింది ఆ 3.75 చుట్టూనే. మొత్తం పెట్టేయడం ఆ అమ్మాయికి ఇంటర్ నుంచి వచ్చిన అలవాటు. మన ఎంసెట్‌లో 160 ప్రశ్నలకి నెగెటివ్ లేదు కదా, అక్కడ ఒక్కటి వదిలినా తెలివితక్కువే, కాబట్టి లెక్చరర్లందరూ “ఏదీ ఖాళీగా వదలకండి” అని నూరిపోస్తారు. ఆ పరీక్షకి అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. అదే చెయ్యి బ్యాంకు పరీక్షలోనూ ఆగకుండా క్లిక్ కొట్టుకుంటూ పోయింది.

రెండో మాక్ నాన్న మాట ప్రకారం రాసింది. గట్టిగా తెలిసినవే పెట్టింది, పదిహేడు. అందులో పదిహేను రైటు, రెండు తప్పు. నెగెటివ్ అర మార్కే. స్కోరు 14.5. నెగెటివ్ 3.75 నుంచి 0.5కి దిగింది, మార్కులు మాత్రం 16.25 నుంచి 14.5కి పడిపోయాయి. ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పేపరు టఫ్‌గా వచ్చిందేమో” అన్నారు. అది కూడా నిజం కావచ్చు, ఒక్క మాక్‌తో ఏదీ తేలదు. అందుకే ఇంకొంచెం లోపలికి వెళ్లాం.

అంతకుముందు ఆయనకి చెప్పాల్సిన చిన్న లెక్క ఒకటుంది. తప్పుకి పావు పోతుంది అంటే, ఒక రైటు నాలుగు తప్పుల్ని మోస్తుంది. అసలు ఏమీ తెలియకుండా, ప్రశ్న కూడా చదవకుండా, ఐదు ఆప్షన్లలో ఒకటి నొక్కితే సగటున ఐదింటికి ఒకటి తగులుతుంది, నాలుగు పోతాయి. ఒకటి వచ్చింది, నాలుగు పావులు పోయాయి, చేతిలో మిగిలేది సున్నా. పరీక్ష పెట్టేవాళ్లు ఐదు ఆప్షన్లకి పావు కోత పెట్టడంలో లెక్క ఇదే: గుడ్డిగా కొట్టినవాడికి సగటున లాభమూ రాదు, నష్టమూ రాదు. నెగెటివ్ మార్కింగ్ అనగానే పెద్దవాళ్లు దాన్ని శిక్షగా చూస్తారు, కానీ అది చేసే పని గుడ్డి గెస్సుకి వచ్చే అయాచితపు లాభాన్ని తుడిచేయడం, అంతే.

మరి ఐదింటిలో ఒక్క ఆప్షన్ ఖాయంగా కాదని తెలిసిందనుకోండి. ఇప్పుడు నాలుగింటికి ఒకటి తగులుతుంది, మూడు పోతాయి: ఒకటి మైనస్ ముప్పావు, అంటే నాలుగు ప్రశ్నల మీద పావు మార్కు మిగులు. చాలా తక్కువ, కానీ ప్లస్సే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మూడింటికి ఒకటి తగులుతుంది, రెండు పావులు పోతాయి, మూడు ప్రశ్నల మీద అర మార్కు మిగులు. మూడు కొట్టేసి రెండే మిగిలితే రెండింటికి ఒకటి వస్తుంది, ఒక పావు పోతుంది, రెండు ప్రశ్నల మీద ముప్పావు మార్కు. ఈ చివరిది చిన్న మొత్తం కాదు. అలాంటివి ఒక పేపర్లో ఆరు వస్తే, సగటున రెండుంబావు మార్కులు. కటాఫ్ దగ్గర పావు మార్కు తేడాతో వేలమంది లోపలా బయటా ఉండే పరీక్షలో రెండుంబావు అంటే ఏమిటో బ్యాంకు పరీక్షలు రాసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నాన్నగారు అడిగిన ప్రశ్న చాలా మంచిది. “కాగితం మీద సరే మాస్టారూ, మా అమ్మాయి రెండు మిగిల్చి పెట్టినవాటిలో నిజంగా సగం రైటు అవుతున్నాయని గ్యారంటీ ఏముంది?” గ్యారంటీ లేదు. కొలవాలి. ఆ కొలత లేకుండా గెస్ మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం దండగ.

కొలవడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. తర్వాతి నాలుగు మాక్‌లలో మొత్తం 35 పెట్టమన్నాను, కానీ ప్రతి ప్రశ్నకీ రఫ్ షీటు మీద నంబరు పక్కన ఒక గుర్తు వేయమన్నాను. పూర్తిగా చేసి ఆన్సర్ వచ్చింది అంటే టిక్కు. రెండు ఆప్షన్లు మిగిలితే 2, మూడు మిగిలితే 3. చివర్లో టైమ్ అయిపోయి గుడ్డిగా నొక్కితే సున్నా. ఇంకో గుర్తు నేను కావాలని కలిపాను: లెక్క చేసింది, వచ్చిన ఆన్సర్ ఆప్షన్లలో లేదు, దగ్గరగా ఉన్నదాన్ని పెట్టేసింది అంటే “ద”. గుర్తు క్లిక్ చేసేటప్పుడే వేయాలి, రిజల్ట్ చూశాక వేయకూడదు. రిజల్ట్ చూశాక వేస్తే రైటైన ప్రతిదీ “ఇది నాకు తెలుసు” అనిపిస్తుంది, తప్పైన ప్రతిదీ “ఇది ఊరికే పెట్టా” అనిపిస్తుంది. ఇది పిల్లల మోసం కాదు, మనిషి జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది.

నాలుగు మాక్‌లు కలిపి 140 ప్రశ్నలు. టిక్కు పెట్టినవి 64, అందులో 58 రైటు, 6 తప్పు. రెండు మిగిలినవి 24, వాటిలో 13 రైటు, 11 తప్పు. మూడు మిగిలినవి 12, అందులో 4 రైటు, 8 తప్పు. గుడ్డివి 28, అందులో 5 రైటు, 23 తప్పు. దగ్గరదాన్ని పెట్టినవి 12, ఒక్కటి రైటు, 11 తప్పు.

ఇప్పుడు మార్కుల్లోకి మార్చాం. రెండు మిగిలిన గుంపులో 13 వచ్చాయి, 11 పావులంటే 2.75 పోయాయి, మిగులు 10.25. మూడు మిగిలిన గుంపులో 4 వచ్చి 2 పోయాయి, మిగులు 2. గుడ్డివాటిలో 5 వచ్చి 5.75 పోయాయి, ముప్పావు నష్టం. దగ్గరదాన్ని పెట్టిన గుంపులో 1 వచ్చి 2.75 పోయాయి, 1.75 నష్టం.

ఈ అంకెల్లో నాన్నగారికి చూపించింది ఒక్కటే. ఆమె పాత అలవాటు వల్ల, అంటే గుడ్డివీ దగ్గరవీ కలిపి, నాలుగు పరీక్షల్లో పోయింది రెండున్నర మార్కులు. పరీక్షకి ముప్పావు కూడా కాదు. ఆయన రూలు పెట్టి ఉంటే, టిక్కులు తప్ప అన్నీ వదిలేస్తే, ఈ రెండున్నరా మిగిలేది నిజమే, కానీ పన్నెండుంబావు పోయేది. పరీక్షకి మూడు మార్కులపైనే. నెగెటివ్ కంటే నెగెటివ్ భయం ఖరీదెక్కువైంది. స్కోరు కార్డులో మొదటిది మైనస్ గుర్తుతో కనిపిస్తుంది, రెండోది ఎక్కడా కనిపించదు, వదిలేసిన ప్రశ్నలో రావాల్సిన మార్కుని ఏ కార్డూ చూపించదు. తల్లిదండ్రుల భయమంతా కనిపించే అంకె చుట్టూ తిరగడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఇక ఆప్షన్లు కొట్టేయడం అంటే ఏమిటో ఒక ప్రశ్నతో చూద్దాం, ఎందుకంటే చాలామంది పిల్లలు “ఇది కాదనిపిస్తోంది” అనే ఫీలింగ్‌ని ఎలిమినేషన్ అనుకుంటారు. తండ్రి, కూతురు వయసుల నిష్పత్తి ఇప్పుడు 7:2. ఐదేళ్ల తర్వాత 8:3 అవుతుంది. తండ్రి ఇప్పటి వయసు ఎంత? ఆప్షన్లు 28, 30, 35, 40, 42.

టైమ్ లేదు, సమీకరణం వేయడం లేదు అనుకోండి. నిష్పత్తిలో తండ్రి వాటా 7, వయసులు పూర్తి అంకెలు కాబట్టి ఆన్సర్ ఏడో ఎక్కంలో ఉండాలి. 30, 40 వెంటనే పోయాయి. ఐదు సెకన్ల పని, మూడు మిగిలాయి. ఇక్కడితో ఆగి ఒకటి నొక్కినా మన లెక్క ప్రకారం ప్లస్సే. ఇంకో ఐదు సెకన్లుంటే: ఐదేళ్ల తర్వాత వయసు ఎనిమిదో ఎక్కంలో ఉండాలి. 28కి ఐదు కలిపితే 33, కాదు. 42కి కలిపితే 47, కాదు. 35కి కలిపితే 40, అవును. కూతురికి ఇప్పుడు 10, అప్పుడు 15, 40:15 అంటే 8:3. అయిపోయింది, ఇది గెస్ కూడా కాదు.

ఇదే ప్రశ్నలో ఆ 40 ఎందుకుందో చూడండి. అది ఐదేళ్ల తర్వాత తండ్రి వయసు. సమీకరణమంతా సరిగ్గా చేసి, చివరి అడుగులో ఏం అడిగారో మర్చిపోయినవాడి కోసం పెట్టిన ఆప్షన్ అది. తప్పు ఆప్షన్లని ఊరికే నింపరు, పిల్లలు ఎక్కడెక్కడ జారతారో చూసి అక్కడ పెడతారు. అందుకే “లెక్కలో 40 కనిపించింది, కాబట్టి 40” అని పెట్టేవాడికి తగిలే అవకాశం ఐదింటికి ఒకటి కాదు, అంతకంటే తక్కువ. సగం చేసిన లెక్క, అసలు చేయని లెక్క కంటే ప్రమాదకరం అయ్యేది ఇక్కడే.

“ద” గుంపులో పన్నెండింటికి ఒక్కటే రైటు రావడానికి కారణం కూడా ఇలాంటిదే. లెక్క చేస్తే 1,268 వచ్చింది, ఆప్షన్లలో 1,260 ఉంది, దగ్గరగా ఉంది కదా అని పెట్టేసింది. ఆన్సర్ ఆప్షన్లలో లేదంటే లెక్కలో ఎక్కడో తప్పుంది, ఆ తప్పు చిన్నదే అని ఎవరు చెప్పారు? ఒక గుణకారం తప్పితే ఆన్సర్ ఎనిమిది తేడాతోనూ పోవచ్చు, ఎనిమిది వందల తేడాతోనూ పోవచ్చు. పన్నెండు ప్రశ్నలు చిన్న శాంపిలే, దాన్నిబట్టి గట్టిగా ఏమీ అనకూడదు, కానీ ఈ ఫలితానికి కారణం కంటికి కనబడుతోంది కాబట్టి అమ్మాయికి ఇక్కడ మాత్రం కచ్చితంగా చెప్పాను: మ్యాచ్ కాకపోతే దగ్గరదాన్ని పెట్టొద్దు, వదిలేసి ముందుకు పో, టైమ్ మిగిలితే వెనక్కి రా. ప్రశ్నలోనే “సుమారుగా” అని అడిగితే అది వేరు, అక్కడ దగ్గరదే ఆన్సర్.

ఇక ఇరవై ఎనిమిది గుడ్డివాటి సంగతి. సగటున సున్నా అన్నాం కదా, మరి పెట్టాలా వద్దా? నాన్నగారు మళ్లీ మళ్లీ అడిగింది ఇదే. సగటు సున్నా అంటే ప్రతిసారీ సున్నా అని కాదు. పది గుడ్డివి కొడితే, రెండు తగిలితే సరిగ్గా సున్నా. ఒకటే తగిలినా, అసలేమీ తగలకపోయినా నష్టం, అలా జరిగే అవకాశం నూటికి ముప్పై ఎనిమిది. మూడూ అంతకంటే ఎక్కువ తగిలి లాభం వచ్చే అవకాశం నూటికి ముప్పై రెండు. మిగతా ముప్పై సార్లు ఎక్కడిదక్కడే. అంటే మార్కులు ఊగుతాయి, పెరగవు.

ఆ ఊగిసలాట మంచిదా చెడ్డదా అన్నది పిల్ల ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. క్లర్క్ ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ మెరిట్‌లో కలవవు, దాటితే చాలు, మెయిన్స్ మార్కులే లెక్క. పైగా ప్రతి సెక్షన్‌కీ విడిగా కటాఫ్ ఉంటుంది. పిల్ల తన టిక్కులూ రెండు మిగిలినవీ చూసుకుంటే మామూలుగా దాటే చోటే ఉంది అనుకోండి, గుడ్డివి పెట్టి ఊగడం ఎందుకు, చేతిలో ఉన్నది ఊడొచ్చు. అదే ఒక సెక్షన్‌లో ఆ రోజు అస్సలు నడవలేదు, ఎనిమిదో తొమ్మిదో చేసింది, ఇలాగే వదిలితే ఆ సెక్షన్ పోవడం ఖాయం అనిపిస్తే, అక్కడ గుడ్డివి పెట్టడంలో తప్పు లేదు. పోయేది ఎలాగూ పోయింది, మూడింట ఒక వంతు అవకాశంతో కొద్దిగా పైకి రావచ్చు. చిక్కేమిటంటే హాల్లో కూర్చున్నప్పుడు ఆ ఏడాది కటాఫ్ ఎవరికీ తెలియదు. అందుకని నేను అమ్మాయికి చెప్పిన మాట సులువైనది: మామూలు రోజున గుడ్డివి వదిలేయ్. పన్నెండో పదమూడో నిమిషానికి చేతిలో మామూలుగా చేసేదాంట్లో సగం కూడా లేకపోతే మాత్రం, చివరి అర నిమిషంలో పెట్టెయ్.

అన్నీ “సి” పెడితే ఏమన్నా లాభముందా అని నాన్నగారు అడిగారు, వాళ్ల చుట్టాలబ్బాయి అలా పెట్టాడట. సగటు ఏమీ మారదు. టైమ్ కలిసొస్తుంది, అంతకు మించి లేదు.

టైమ్ గురించి ఒక మాట. ఇరవై నిమిషాలకి 35 అంటే ప్రశ్నకి దాదాపు ముప్పై నాలుగు సెకన్లు. ఒక కష్టమైన ప్రశ్న మీద నిమిషం గింజుకుని రెండు ఆప్షన్లకి తెస్తే సగటున వచ్చేది అర మార్కు కూడా కాదు, 0.375. అదే నిమిషంలో వెనకాల చదవని రెండు సింప్లిఫికేషన్లు ఉంటే రెండు పూర్తి మార్కులు. కాబట్టి ఎలిమినేషన్ కోసం ఎలిమినేషన్ చేయకూడదు. ప్రశ్న చదువుతుంటేనే ఎక్కం, చివరి అంకె, పరిమాణం చూసి పోయే ఆప్షన్లు పోతే సరే, లేకపోతే ముందుకి. ఆమె గుడ్డివి 28 దాకా ఉండటానికి అసలు కారణం చివరి ప్రశ్నల దాకా చేరకపోవడమే, ఆ చివర్లో సులువైనవి కూడా ఉన్నాయి.

ఇవన్నీ ఐదు ఆప్షన్లు, పావు కోత ఉన్న పరీక్షకి చెప్పినవి. కొడుకు రైల్వేకి చదువుతున్నాడని అదే సలహా అక్కడ చెప్పేయకండి. ఆర్ఆర్‌బీ ఎన్‌టీపీసీలో నాలుగు ఆప్షన్లు, తప్పుకి మూడో వంతు కోత. గుడ్డిగా కొడితే అక్కడా సగటు సున్నాయే, ఒక్కటి కొట్టేసినా ప్లస్సే, కానీ తప్పు బరువు ఎక్కువ కాబట్టి ఊగడం కూడా ఎక్కువే. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1 ఇంకోలా ఉంటుంది: నాలుగు ఆప్షన్లు, రైటుకి రెండు మార్కులు, తప్పుకి అర. నాలుగు గుడ్డివి కొడితే సగటున రెండు వచ్చి ఒకటిన్నర పోతుంది. అంటే అక్కడ పూర్తి గుడ్డి గెస్ కూడా కొద్దిగా లాభమే, ఖాళీగా వదలడమే నష్టం. ఏ పరీక్షకైనా చూడాల్సింది ఒకటే: ఒక రైటు ఎన్ని తప్పుల్ని మోస్తుంది, ఎన్ని ఆప్షన్లు ఉన్నాయి. నాలుగు తప్పుల్ని మోసే పరీక్షలో ఐదింటికి ఒకటి కంటే మెరుగ్గా తగులుతుంటే పెట్టాలి. మూడే మోస్తే నాలుగింటికి ఒకటి కంటే మెరుగ్గా తగలాలి. నోటిఫికేషన్‌లో ఈ రెండు అంకెలూ రాసే ఉంటాయి, పరీక్ష విధానం మారుతుంటుంది కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి.

ఆ తర్వాతి మాక్‌లో ఆమె 27 పెట్టింది. ఇరవై రైటు, ఏడు తప్పు, 18.25. మొదటి మాక్‌లోనూ రైటు ఇరవయ్యే, కోత మాత్రం సగం కంటే తక్కువ. నాన్న రూలుతో రాసినదానితో పోలిస్తే నెగెటివ్ మూడున్నర రెట్లు, మార్కులు 3.75 ఎక్కువ. ఈ పెరుగుదల అంతా గెస్ పద్ధతి వల్లే అనను. మ్యాచ్ కాని లెక్కల మీద గింజుకోవడం మానేసింది కాబట్టి టైమ్ మిగిలి, చివర్లో ఉన్న రెండు మూడు సులువైనవి చేరుకుంది. అది కూడా కలిసింది.

గుర్తులు వేయడం ఆపవద్దన్నాను. మూడు మిగిలిన గుంపులో ఇంకా పన్నెండే ఉన్నాయి, కనీసం యాభై అయ్యేదాకా ఆ గుంపు నిజంగా ప్లస్సో కాదో తేలదు. ఆప్షన్లు కొట్టేసి పెట్టే ఏ గుంపైనా ఐదింటికి ఒకటి కంటే తక్కువ తగులుతోందంటే ఆ రకం ప్రశ్నల్లో ఆమె కొట్టేస్తున్న ఆప్షన్లలోనే ఆన్సర్ పోతోందని అర్థం. అప్పుడు ఆ చాప్టర్ మళ్లీ చెప్పాలి, గెస్ గురించి మాట్లాడి లాభం లేదు.

నాన్నగారికి ఇంటి దగ్గర చేయడానికి ఒక పని ఇచ్చాను. కార్డులో నెగెటివ్ అంకె బదులు, టిక్కు పెట్టి తప్పైన ఆ ఆరు ప్రశ్నల్ని చూడమన్నాను. చెయ్యడం వచ్చి, ఆన్సర్ వచ్చిందని నమ్మి, పోగొట్టుకున్న మార్కులు అవి, ఒక్కోదాంట్లో మార్కుంబావు తేడా. అమ్మాయితో కూర్చుని తిరగేస్తే నాలుగు ఒకే రకం: అడిగింది కూతురి వయసు, పెట్టింది తండ్రిది, అడిగింది లాభం, పెట్టింది అమ్మిన వెల. ఇప్పుడు ఆమె లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నలో చివరి వాక్యం అడిగిందేమిటో రఫ్ షీటు మీద ఒక్క అక్షరంలో రాసుకుంటోంది, కూతురైతే “కూ”, లాభమైతే “లా”.